పాత ఉద్యోగాల 401కేలు ఒకచోటికి: కదిపే ముందు చూసుకోవాల్సినవి

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడింది చదువుకోవడానికి వీలుగా ఇక్కడ పెడుతున్నాం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

కిందటి నెల లేఆఫ్‌ల మీద మాట్లాడాక చాలామంది దాదాపు ఒకే ప్రశ్న పంపారు. "అన్నా, నాకు మూడు కంపెనీల్లో మూడు 401కేలు ఉన్నాయి. ఒకదాని పాస్‌వర్డ్ గుర్తు లేదు, ఇంకోదాని నుంచి ఉత్తరాలు రావడం ఆగిపోయింది. అన్నీ ఒకచోట పెట్టేయొచ్చా? పెడితే ట్యాక్స్ పడుతుందా?" ఈ రోజు దీని గురించే మాట్లాడుకుందాం.

నేను 401కే ఖాతాల రికార్డులు చూసే ఒక కంపెనీలో పదేళ్లకు పైగా ట్రాన్స్‌ఫర్ల విభాగంలో పనిచేశాను. అక్కడ చూసిన దాన్ని బట్టి చెప్తున్నాను. డబ్బు కదపడం పెద్ద పని కాదు. ఒక ఫోన్ కాల్, రెండు ఫారాలు, ఒక చెక్కు, అంతే. అసలు పని అంతా ఆ కాల్ చేసే ముందే ఉంటుంది. డబ్బు ఒకసారి కదిలాక కొన్నింటిని వెనక్కి తిప్పడం కుదరదు.

ఊరికే సూత్రాలు చెప్తే గుర్తుండవు కాబట్టి ఒక లెక్క పట్టుకుని నడుద్దాం. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండే ఒక తమ్ముడు ఉన్నాడనుకోండి. హెచ్1బీ మీద ఉన్నాడు. 2017లో న్యూజెర్సీలో ఒక చిన్న కన్సల్టెన్సీలో చేరి రెండేళ్లు చేశాడు. తర్వాత షార్లెట్‌లో మూడేళ్లు చేశాడు. ఆ తర్వాత టెక్సాస్ వచ్చి ఒక కంపెనీలో మూడేళ్లు చేస్తే, అక్కడ లేఆఫ్ అయింది. దేవుడి దయవల్ల 60 రోజుల లోపే కొత్త ఉద్యోగం దొరికింది, ఇప్పుడు అందులో ఉన్నాడు. అతని లెక్క ప్రకారం మొదటి కంపెనీలో 4,000 డాలర్లు, రెండో దాంట్లో 34,000, మూడో దాంట్లో 42,000. మొత్తం 80,000 ఉందనుకుంటున్నాడు. చివరికి ఎంత ఉందో చూద్దాం.

ముందు ఖాతాలన్నీ దొరకాలి

మొదటి కంపెనీ వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే బ్యాలెన్స్ సున్నా చూపిస్తోంది. చాలామంది ఇక్కడే గాభరా పడతారు, లేకపోతే "పోతే పోయింది" అని వదిలేస్తారు. నిజానికి ఆ డబ్బు పోలేదు. ఉద్యోగం మానేసినవాళ్ల ఖాతాలో బ్యాలెన్స్ తక్కువగా ఉంటే, ప్లాన్ వాళ్లు మనల్ని అడగకుండానే దాన్ని బయటికి పంపేయొచ్చు. 1,000 డాలర్ల లోపు ఉంటే చెక్కు రాసి పంపేస్తారు. అంతకంటే ఎక్కువ ఉంటే మన పేరు మీద ఎక్కడో ఒక ఐఆర్ఏ తెరిచి అందులో వేస్తారు. దీనికి పై హద్దు ముందు 5,000 ఉండేది, 2024 నుంచి 7,000 డాలర్లు చేశారు. మన తమ్ముడి 4,000 అలాగే ఒక ఐఆర్ఏలోకి వెళ్లింది. దాని ఉత్తరం న్యూజెర్సీలో ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్‌కి వెళ్లింది. అలాంటి ఐఆర్ఏలో డబ్బును సాధారణంగా స్టాక్ మార్కెట్‌లో పెట్టరు, బ్యాంకు డిపాజిట్ లాంటి దాంట్లో ఉంచుతారు. వచ్చే కొద్దిపాటి వడ్డీని ఏటా పడే ఫీజు తినేస్తుంది. అందుకే వెతికి పట్టుకోవడం అవసరం.

ఎలా వెతకాలి? మొదట పాత డబ్ల్యూ-2లు అన్నీ తీయండి. 12వ గడిలో D అనే కోడ్ పక్కన అంకె ఉంటే, ఆ ఏడాది మామూలు 401కేలో మీరు అంత వేశారని అర్థం. AA అని ఉంటే రాత్ 401కేలో వేశారని. ఒక్క పది నిమిషాల్లో ఏ కంపెనీలో, ఏ ఏడాది, ఏ రకం ఖాతాలో మీ డబ్బు ఉందో మొత్తం బయటపడుతుంది.

రెండోది, అమెరికా కార్మిక శాఖ 2024 డిసెంబర్‌లో ఒక వెతుకులాట సైట్ తెరిచింది. అడ్రస్ ఇది:

```
lostandfound.dol.gov
```

లాగిన్‌.గవ్ ఖాతాతో లోపలికి వెళ్లి గుర్తింపు నిర్ధారించుకుంటే, మీ సోషల్ సెక్యూరిటీ నంబర్‌తో ముడిపడిన ప్రైవేటు కంపెనీల ప్లాన్లను చూపిస్తుంది. డబ్బు ఎంత ఉందో చెప్పదు, ఎవరికి ఫోన్ చేయాలో చెప్తుంది. ఆ ప్లాన్ వాళ్లకి ఫోన్ చేసి "నా బ్యాలెన్స్‌ని ఏ ఐఆర్ఏ కంపెనీకి, ఏ తేదీన పంపారు?" అని అడగాలి. వాళ్ల దగ్గర ఆ రికార్డు ఉంటుంది.

దొరికిన ప్రతి ఖాతాలోకీ వెళ్లి వెంటనే మూడు మార్చండి: ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్, ఈమెయిల్. ఆఫీసు ఈమెయిల్‌తో రిజిస్టర్ చేసుకున్నవాళ్లు, ఉద్యోగం పోయిన రోజు నుంచి ఆ ఖాతా తలుపు బయటే నిలబడాల్సి వస్తుంది. ఓటీపీ వెళ్లేది ఆ మెయిల్‌కే కదా. ఇంకో సంగతి, అడ్రస్ మార్చిన వెంటనే డబ్బు పంపమంటే మోసం జరుగుతోందేమో అని చాలా కంపెనీలు కొన్ని రోజులు ఆపుతాయి. కాబట్టి అడ్రస్ మార్పు మొదటి రోజే చేసేయాలి.

మన వాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసా మీద మొదటి పేరు దగ్గర FNU అని పడుతుంది. ఒక కంపెనీ దాన్నే పేరుగా ఎక్కిస్తుంది, ఇంకో కంపెనీ ఇంటిపేరునీ పేరునీ అటూ ఇటూ చేస్తుంది, ఇంకొకరు పెద్ద పేరుని మధ్యలో కత్తిరిస్తారు. పంపే ఖాతాలో ఒక పేరు, తీసుకునే ఖాతాలో ఇంకో పేరు ఉంటే చెక్కు తిరిగి వస్తుంది. రెండు స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే ముందు దాన్ని దిద్దించుకుని, తర్వాతే ట్రాన్స్‌ఫర్ అడగండి.

చూపించేదంతా మనది కాదు

ఇప్పుడు మూడో కంపెనీ సంగతి. స్క్రీన్ మీద 42,000 అని ఉంది. దాని కిందే చిన్న అక్షరాల్లో ఇంకో లైన్ ఉంటుంది, `Vested Balance` అని. అక్కడ 33,000 ఉంది. మరి మిగతా 9,000 ఏమైంది?

మన జీతంలోంచి వేసుకున్న ప్రతి డాలరూ మొదటి రోజు నుంచే మనది, ఎవరూ తీసుకోలేరు. కంపెనీ వేసే మ్యాచ్ వేరు. అది పూర్తిగా మన సొంతం కావడానికి కంపెనీ గడువు పెట్టొచ్చు. దాన్నే వెస్టింగ్ అంటారు. కొన్ని ప్లాన్లలో మూడేళ్లు నిండితే ఒకేసారి వంద శాతం వస్తుంది. కొన్నింట్లో రెండేళ్లకి 20 శాతం, మూడేళ్లకి 40 శాతం, అలా పెరుగుతూ ఆరేళ్లకి వంద శాతం అవుతుంది. చట్టం ఒప్పుకునే అతి పొడవైన గడువులు ఇవే. ప్లాన్ ఇంతకంటే ఉదారంగా ఉండొచ్చు గానీ ఇంతకంటే గట్టిగా ఉండకూడదు. మన తమ్ముడి ఖాతాలో కంపెనీ మ్యాచ్ కింద 15,000 ఉంది. మూడేళ్ల సర్వీసుకి అందులో 40 శాతం, అంటే 6,000 అతనిది. మిగతా 9,000 కంపెనీకి తిరిగి పోతుంది.

పోతుంది అన్నాను కదా, ఇక్కడ కాస్త ఆగండి. ఇతను తనంతట తాను మానేయలేదు, లేఆఫ్ అయ్యాడు. పెద్ద లేఆఫ్‌లకి ఒక నియమం ఉంది, దాన్ని పాక్షిక ప్లాన్ రద్దు అంటారు. ప్లాన్‌లో ఉన్న ఉద్యోగుల్లో 20 శాతం లేదా అంతకంటే ఎక్కువమందిని ఏడాదిలో కంపెనీ తీసేస్తే, ప్లాన్ కొంత భాగం రద్దయినట్టే అని ఐఆర్ఎస్ మొదటి చూపులో భావిస్తుంది. కంపెనీ కాదని నిరూపించుకోవచ్చు. కానీ రద్దయినట్టు తేలితే, ఆ ఏడాది బయటికి వెళ్లినవాళ్లందరికీ మ్యాచ్ వంద శాతం దక్కాలి. ఆ 9,000 తనంతట తాను వచ్చి మన ఒళ్లో పడదు, అడగాలి.

అడగాల్సింది ట్రాన్స్‌ఫర్ చేశాక కాదు, చేయకముందు. మన వాటా మొత్తం బయటికి తీసేసుకుంటే, మిగిలిన మ్యాచ్‌ని ప్లాన్ వెంటనే జప్తు చేసుకునే పద్ధతి చాలా ప్లాన్లలో ఉంది. తర్వాత కూడా పోరాడొచ్చు గానీ, ఖాతా మూసేశాక మాట వినేవాళ్లు దొరకడం కష్టం. కాబట్టి ప్లాన్ అడ్మినిస్ట్రేటర్‌కి రెండు లైన్ల మెయిల్ రాయండి: "ఫలానా నెలలో జరిగిన తొలగింపుల వల్ల పాక్షిక ప్లాన్ రద్దు జరిగిందా? జరిగితే నా వెస్టింగ్ వంద శాతానికి మార్చారా? జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి." మన తమ్ముడు అడిగాడనుకుందాం. కంపెనీలో తీసేసింది ఎనిమిది శాతం మందినే అని జవాబు వచ్చింది. సరే, 9,000 రాదు. కానీ ఇప్పుడు ఆ సంగతి తెలిసే వదులుకుంటున్నాడు.

ఇదే మెయిల్‌లో ఇంకో మాట కూడా అడగండి: "నా ఖాతాలోకి ఇంకేమైనా డబ్బు రావాల్సి ఉందా?" ఆఖరి జీతం మీద మ్యాచ్ కొన్ని వారాలు ఆలస్యంగా పడొచ్చు. ముందే ఖాతా ఖాళీ చేస్తే, ఆ 200 డాలర్లో 300 డాలర్లో తర్వాత వచ్చి మళ్లీ ఒక బుల్లి అనాథ ఖాతా తయారవుతుంది.

ఖాతా మీద లోన్ తీసుకున్నవాళ్లకి ఒక మాట. ఉద్యోగం మానేశాక తీర్చని లోన్‌ని ప్లాన్ మీ బ్యాలెన్స్‌లోంచి కొట్టేసి, ఆ మొత్తాన్ని మీకు ఇచ్చినట్టుగా లెక్క రాస్తుంది. అప్పుడు దాని మీద ట్యాక్స్ పడుతుంది. దాన్ని తప్పించుకోవాలంటే అంత డబ్బు సొంతంగా తెచ్చి కొత్త ఖాతాలో వేయాలి. దీనికి గడువు, అలా కొట్టేసిన ఏడాదికి మీరు ట్యాక్స్ రిటర్న్ వేసే ఆఖరి తేదీ వరకూ ఉంటుంది, ఎక్స్‌టెన్షన్‌తో కలిపి. కాబట్టి లోన్ ఉన్న ఖాతాని కదిపే ముందు ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో చూసుకోండి.

ఐఆర్ఏలోకా, కొత్త కంపెనీ 401కేలోకా?

ఇప్పుడు నికరంగా ఎంత ఉంది? మొదటిది 4,000. రెండోది 34,000, కానీ అందులో 26,000 ట్యాక్స్ కట్టని మామూలు డబ్బు, 8,000 రాత్ డబ్బు. మూడోది 33,000. మొత్తం 71,000. అందులో ట్యాక్స్ కట్టనిది 63,000, రాత్ 8,000. ఈ రెండింటినీ మొదటి నుంచీ వేరువేరుగా చూడాలి.

ఎక్కడికి పంపాలి అంటే ఇంటర్నెట్‌లో ఎక్కువమంది చెప్పేది "ఐఆర్ఏ తెరిచి అందులో వేసుకో, ఫండ్లు బోలెడన్ని ఉంటాయి" అని. చాలామందికి అది మంచి సలహానే. కానీ మన వాళ్లలో చాలామంది ఇంట్లో ఇద్దరూ ఐటీలో సంపాదిస్తారు. ఆదాయం ఎక్కువ కావడంతో రాత్ ఐఆర్ఏలో నేరుగా వేసే వీలుండదు. అందుకే బ్యాక్‌డోర్ రాత్ చేస్తారు. ట్యాక్స్ కట్టిన డబ్బు మామూలు ఐఆర్ఏలో వేసి, దాన్ని రాత్‌లోకి మారుస్తారు. మీరు అది చేస్తున్నట్టయితే, చేయబోతున్నట్టయినా సరే, పాత 401కేని మామూలు ఐఆర్ఏలోకి తేవడం ఆ దారిని దాదాపు మూసేస్తుంది.

ఎందుకో లెక్క చూడండి. మన తమ్ముడు 63,000ని మామూలు ఐఆర్ఏలోకి తెచ్చాడు. అదే ఏడాది, 2025 అనుకోండి, 7,000 ట్యాక్స్ కట్టిన డబ్బు వేసి రాత్‌లోకి మార్చాడు. "నేను మార్చింది ఆ కొత్త ఏడు వేలే" అంటే ఐఆర్ఎస్ ఒప్పుకోదు. మీ పేరు మీద ఉన్న మామూలు ఐఆర్ఏలన్నీ, ఎన్ని కంపెనీల్లో ఉన్నా, ఒకే కుండ కింద లెక్క. కుండలో మొత్తం 70,000 ఉంది. అందులో ట్యాక్స్ కట్టినది 7,000, అంటే పదో వంతు. పాలలో నీళ్లు కలిపాక నీళ్లు మాత్రమే ఒంపుకోలేం కదా. ఏ గ్లాసు ముంచినా పదో వంతే నీళ్లు వస్తాయి. అలాగే మార్చిన 7,000లో 700కే ట్యాక్స్ ఉండదు. 6,300 ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. 24 శాతం స్లాబులో ఉంటే 1,512 డాలర్ల ట్యాక్స్. ప్రతి ఏడాదీ ఇదే గొడవ. ఈ లెక్క 8606 ఫారంలో వేయాలి. అందులో చూసేది డిసెంబర్ 31 నాటి బ్యాలెన్స్. జనవరిలో బ్యాక్‌డోర్ చేసి, అక్టోబర్‌లో 401కేని ఐఆర్ఏలోకి తెచ్చినా చిక్కే.

కొత్త కంపెనీ 401కేలో ఉన్న డబ్బు మాత్రం ఈ కుండలోకి రాదు. అందుకని మన తమ్ముడికి సరైన చోటు ఇప్పటి ఉద్యోగం 401కేనే. అతని మొదటి కంపెనీ 4,000 ఇప్పటికే ఐఆర్ఏలో ఉంది కదా, దాన్ని కూడా 401కేలోకి తెచ్చేయాలి. ట్యాక్స్ కట్టని ఐఆర్ఏ డబ్బుని 401కేలోకి తేవడం చట్టప్రకారం కుదురుతుంది. కానీ తీసుకోవాలా వద్దా అనేది ప్లాన్ ఇష్టం. కాబట్టి కొత్త ప్లాన్‌ని మూడు ప్రశ్నలు అడగాలి. బయటి 401కే నుంచి రోల్‌ఓవర్ తీసుకుంటారా? ఐఆర్ఏ నుంచి కూడా తీసుకుంటారా? రాత్ డబ్బు తీసుకుంటారా? దాంతోపాటు ఫండ్ల ఖర్చు ఎంతో చూడండి. కొత్త ప్లాన్‌లో చవకైన ఇండెక్స్ ఫండ్ ఒక్కటీ లేక, పాత ప్లాన్‌లో ఉంటే, పాత దాంట్లోనే ఉంచడం కూడా ఒక దారే. బ్యాలెన్స్ 7,000 దాటి ఉంటే మిమ్మల్ని అడగకుండా వాళ్లు బయటికి పంపలేరు.

రాత్ 8,000 సంగతి. అది కొత్త ప్లాన్ రాత్ భాగంలోకి వెళ్లొచ్చు, లేదా రాత్ ఐఆర్ఏలోకి వెళ్లొచ్చు. రాత్ ఐఆర్ఏలో పెడితే బ్యాక్‌డోర్ లెక్క ఏమీ చెడదు. కానీ ఒకసారి రాత్ ఐఆర్ఏలోకి వెళ్లింది మళ్లీ 401కేలోకి రాదు. ఇంకోటి, రాత్ లాభం ట్యాక్స్ లేకుండా తీసుకోవడానికి వయసుతోపాటు ఐదేళ్ల గడియారం ఒకటి ఉంటుంది. రాత్ ఐఆర్ఏలోకి పంపితే ఆ ఐఆర్ఏ గడియారమే లెక్క, పాత 401కేలో గడిచిన ఏళ్లు కలవవు. మన తమ్ముడు మూడేళ్ల కిందటే రాత్ ఐఆర్ఏ తెరిచి ఉన్నాడు, రిటైర్‌మెంట్‌కి ఇంకా పాతికేళ్లు ఉంది. అతనికి ఇబ్బంది లేదు, రాత్ ఐఆర్ఏలోకే పంపాడు. యాభై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి రాత్ ఐఆర్ఏ తెరిచేవాళ్లు మాత్రం ఆలోచించుకోవాలి.

వయసు మాట వచ్చింది కాబట్టి ఇదీ వినండి. 55 ఏళ్లు నిండే ఏడాదిలోగానీ ఆ తర్వాతగానీ ఉద్యోగం మానేస్తే, ఆ కంపెనీ 401కే నుంచి పది శాతం జరిమానా లేకుండా డబ్బు తీసుకోవచ్చు. అదే డబ్బు ఐఆర్ఏలోకి పంపేస్తే యాభై తొమ్మిదిన్నర వరకూ ఆ వెసులుబాటు పోతుంది. ఆ వయసులో లేఆఫ్ అయిన అన్నయ్యలు, అక్కయ్యలు ఇల్లు గడవడానికి ఆ డబ్బు అవసరం పడుతుందేమో చూసుకుని కదపాలి.

చెక్కు మీద ఎవరి పేరు ఉంది?

ఇప్పుడు అసలు ఫోన్ కాల్. ఒకే మాట గుర్తు పెట్టుకోండి: `Direct Rollover`. డబ్బు పాత ప్లాన్ నుంచి కొత్త ప్లాన్‌కి నేరుగా వెళ్లాలి. వాళ్లు "క్యాష్ డిస్ట్రిబ్యూషన్ కావాలా?" అంటే వద్దనండి.

వరస ఇలా ఉండాలి. మొదట కాల్ చేయాల్సింది డబ్బు తీసుకునే కొత్త ప్లాన్‌కి. చెక్కు ఎవరి పేరు మీద రాయాలి, ఏ అడ్రస్‌కి పంపాలి, ఖాతా నంబర్ ఎక్కడ రాయాలి అని వాళ్లు ఒక కాగితం ఇస్తారు. దాన్ని పట్టుకుని పాత ప్లాన్‌కి ఫోన్ చేయాలి. చాలా ప్లాన్లు ఇప్పటికీ కాగితం చెక్కే రాస్తాయి, పైగా దాన్ని మీ ఇంటికే పంపుతాయి. భయపడకండి. చెక్కు మీద కొత్త ప్లాన్ కంపెనీ పేరు ఉండి, దాని పక్కన `FBO` అని, తర్వాత మీ పేరు ఉంటే అది డైరెక్ట్ రోల్‌ఓవరే. ఫలానావారి మేలు కోసం అని దానర్థం. దాన్ని కొత్త ప్లాన్‌కి ట్రాకింగ్ ఉన్న పోస్టులో పంపండి, రెండు వైపులా ఫొటో తీసి ఉంచుకోండి. రెండో కంపెనీ నుంచి మన తమ్ముడికి రెండు చెక్కులు వచ్చాయి. 26,000 ఒకటి, రాత్ 8,000 ఒకటి. రెండూ కలిపి ఒకే చెక్కు వస్తే వెంటనే ఫోన్ చేయాలి.

చెక్కు నేరుగా మీ పేరు మీదే వస్తే? ఆ 26,000నే తీసుకుందాం. పాత ప్లాన్ చట్టప్రకారం 20 శాతం, అంటే 5,200 ట్యాక్స్ కింద పట్టుకుని 20,800కి చెక్కు ఇస్తుంది. దాన్ని కొత్త ఖాతాలో వేయడానికి మీకు 60 రోజులు ఉంటుంది. కానీ వేయాల్సింది 20,800 కాదు, 26,000. ఆ 5,200 మీ జేబులోంచి పెట్టాలి. ఐఆర్ఎస్ పట్టుకున్నది మళ్లీ రిటర్న్ వేసినప్పుడే లెక్కలోకి వస్తుంది. పెట్టలేకపోతే 5,200 మీరు వాడుకున్నట్టే. 24 శాతం ట్యాక్స్ 1,248, పది శాతం జరిమానా 520, మొత్తం 1,768 డాలర్లు ఊరికే పోతాయి.

లేఆఫ్ అయినవాళ్లు రెండు అరవై రోజుల్ని కలిపేసుకోవద్దు. హెచ్1బీ వాళ్లకి ఉద్యోగం పోయాక ఇచ్చే 60 రోజుల వరకూ గడువు వీసా సంగతి. 401కేకి దానితో సంబంధం లేదు. ఆ 60 రోజుల్లో ఖాతా ఖాళీ చేయాలన్న నియమం ఎక్కడా లేదు. స్టేటస్ పోయినా, ఇండియా వెళ్లిపోయినా మీ వాటా మీదే. కంగారులో డబ్బు డ్రా చేసేసి ట్యాక్స్, జరిమానా కట్టుకోకండి. కానీ దేశం వదిలే అవకాశం ఉంటే, అమెరికా అడ్రస్, అమెరికా ఫోన్ నంబర్ ఉండగానే ఖాతాలు ఒకచోటికి తెచ్చుకోవడం తేలిక. విదేశీ అడ్రస్‌తో కొత్త ఐఆర్ఏ తెరవడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు. ఓటీపీ రాకపోతే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని అర్ధరాత్రి కస్టమర్ కేర్ లైన్‌లో వేచి ఉండాలి.

డబ్బు చేరాక

చెక్కు చేరింది అనగానే పని అయిపోలేదు. పాత ప్లాన్ ఫండ్లు అమ్మేసి డబ్బు చేసి పంపుతుంది. రోల్‌ఓవర్ సమయంలో ఒకటి రెండు వారాలు ఆ డబ్బు మార్కెట్ బయట ఉండడం మామూలే. కొత్త 401కేలో ఎక్కువగా మీరు ఎంచుకున్న ఫండ్లలోకే వెళ్తుంది. కానీ ఐఆర్ఏలోకి పంపిన రాత్ 8,000 అక్కడ నగదుగానే ఉంటుంది. మీరు వెళ్లి ఫండ్ కొనేవరకూ ఎవరూ కొనరు. ఏళ్ల తరబడి అలా నగదుగానే ఉండిపోయిన ఖాతాలు నేను చాలా చూశాను.

తర్వాత నామినీ. పాత ప్లాన్‌లో రాసిన నామినీ కొత్త దాంట్లోకి రాడు. కొత్తగా రాయాలి. 401కేలో పెళ్లయినవాళ్లకి, భార్యో భర్తో రాతపూర్వకంగా వదులుకుంటే తప్ప, డబ్బు సాధారణంగా వాళ్లకే వెళ్తుంది. ఐఆర్ఏకి ఆ ఫెడరల్ రక్షణ లేదు. టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల చట్టాలు జీవిత భాగస్వామికి కొంత హక్కు ఇస్తాయి గానీ, మొదట చూసేది ఫారంలో ఉన్న పేరే. పెళ్లికి ముందు నాన్న పేరో తమ్ముడి పేరో రాసి మర్చిపోయినవాళ్లు ఈ రోజే చూసుకోండి. రేపు ఏదైనా అయితే ఇంట్లోవాళ్లు కాగితాలు పట్టుకుని తిరగాల్సి వస్తుంది.

ఆఖరిది వచ్చే జనవరిలో. ప్రతి పాత ఖాతా నుంచీ 1099-ఆర్ వస్తుంది. ట్యాక్స్ కట్టనక్కర్లేదు కదా అని దాన్ని పక్కన పడేయొద్దు, రిటర్న్‌లో చూపించాలి. 7వ గడిలో కోడ్ చూడండి. మామూలు డబ్బు డైరెక్ట్ రోల్‌ఓవర్‌కి G ఉండాలి. రాత్ 401కే నుంచి రాత్ ఐఆర్ఏకి వెళ్లినదానికి H ఉండాలి. ట్యాక్స్ పడే మొత్తం చూపే 2a గడిలో సున్నా ఉండాలి. అక్కడ 1 అనే కోడ్ కనిపిస్తే మీరు డబ్బు వాడుకున్నారని వాళ్లు రాశారన్నమాట. అప్పుడు రిటర్న్ వేయకుండా ముందు ఆ ప్లాన్‌కి ఫోన్ చేసి సరిచేసిన ఫారం అడగండి.

మన తమ్ముడి లెక్క చివరికి ఇలా తేలింది. 80,000 అనుకున్నది 71,000. అందులో 63,000 ఇప్పటి కంపెనీ 401కేలో, 8,000 రాత్ ఐఆర్ఏలో. ట్యాక్స్ సున్నా, బ్యాక్‌డోర్ దారి తెరిచే ఉంది. మొత్తం మీద ఆరు వారాలు పట్టింది. అందులో డబ్బు కదిలింది రెండు వారాలే, మిగతా నాలుగు వారాలు పాత డబ్ల్యూ-2లు వెతకడానికి, పేర్లు దిద్దించడానికి, మెయిళ్లకి జవాబు రావడానికి.

నేను చెప్పినవి అందరికీ వర్తించే నియమాలు. మీ ఆదాయం, వీసా, రాష్ట్రం బట్టి లెక్క మారొచ్చు కాబట్టి, పెద్ద మొత్తం కదిపే ముందు మీ సీపీఏతో ఒకసారి మాట్లాడండి. వచ్చే వారం ఇండియా తిరిగి వెళ్లిపోయినవాళ్లు 401కేని అక్కడి నుంచి తీసుకుంటే రెండు దేశాల ట్యాక్స్ ఎలా పడుతుందో చూద్దాం. ఈ లోపు పాత డబ్ల్యూ-2లు బయటికి తీసి, 12వ గడి చూసి ఉంచండి. ఉంటానండి.